నెలకి 570 కట్టినా అప్పు తరగట్లేదా? క్రెడిట్ కౌన్సెలింగ్ గురించి

తమ్ముడూ, నీ లెక్క చూశాను. మూడు కార్డుల మీద కలిపి 18,000 డాలర్లు, వడ్డీ 26 శాతం, అంటే నెలకి వడ్డీయే 390. మినిమం 570 దాకా కడుతున్నావు, అందులో అసలుకి జమయ్యేది 180. అదీ మళ్ళీ గ్రోసరీకి అదే కార్డు గీకకపోతేనే. ఊళ్ళో నాన్న పేరు మీద లోన్ తీయించే ముందు క్రెడిట్ కౌన్సెలింగ్ వాళ్ళకి ఒక్క ఫోన్ చెయ్యి.

ఇక్కడ అమెరికాలో లాభాపేక్ష లేని క్రెడిట్ కౌన్సెలింగ్ ఏజెన్సీలు ఉన్నాయి. ఎన్‌ఎఫ్‌సీసీ అని ఇలాంటి ఏజెన్సీల జాతీయ సంస్థ ఉంది, అందులో సభ్యత్వం ఉన్నదాన్ని చూసుకో. మొదటిసారి మాట్లాడటం మామూలుగా ఉచితమే, గంటసేపు నీ జీతం, ఖర్చులు, అప్పులు అన్నీ అడుగుతారు. కుదురుతుందనుకుంటే డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ పెడతారు, దానికి మాత్రం నెలకి కొంత ఫీజు ఉంటుంది. వాళ్ళు లోన్ ఇవ్వరు, అసలు మొత్తాన్ని తగ్గించరు. బ్యాంకులతో మాట్లాడి వడ్డీ తగ్గిస్తారు, నువ్వు నెలకోసారి వాళ్ళకి కడితే వాళ్ళు అందరికీ పంచుతారు. వడ్డీ 8 శాతానికి దిగిందనుకో, ఐదేళ్ళకి నెలకి 365, ఫీజు ఒక 35 వేసుకున్నా 400. మొదటి నెలే అసలులో 245 తగ్గుతుంది.

బదులుగా ఆ కార్డులు మూసేస్తారు, కొత్త అప్పు తీసుకోకూడదంటారు. క్రెడిట్ స్కోరు మొదట్లో కాస్త పడొచ్చు. కారు లోన్, ఇండియాలో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్, ఫ్రెండ్ దగ్గర చేబదులు ఇందులోకి రావు. స్కోరు ఇంకా బాగుండి ఏడాదిలో తీర్చేయగలిగితే అప్పుని సున్నా వడ్డీ కార్డుకి మార్చుకునే బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫరే చవక. ఉద్యోగం పోయి జీతమే లేకపోతే ఈ ప్లాన్ నిలబడదు, ముందు బ్యాంకుకే ఫోన్ చేసి, కష్టకాలంలో కొన్నాళ్ళు కట్టేది తగ్గించే హార్డ్‌షిప్ ప్రోగ్రాం అడగాలి.

"కార్డులు కట్టడం ఆపెయ్యండి, సగానికి సెటిల్ చేస్తాం" అన్నారంటే వాళ్ళు కౌన్సెలర్లు కారు, సెటిల్‌మెంట్ కంపెనీ వాళ్ళు. ఫోన్లో తమ సర్వీసు అమ్మజూస్తూ, ఒక్క అప్పూ సెటిల్ చెయ్యకముందే ఫీజు అడిగితే అది ఫెడరల్ రూల్‌కే విరుద్ధం, ఫోన్ పెట్టెయ్.

నేను చేసిన తప్పు కూడా చెప్తాను. ప్లాన్‌లో చేరాను కదా అని అన్ని కార్డులూ కట్టడం మానేశాను, ఒక బ్యాంకు ఇంకా ఒప్పుకోనేలేదు, లేట్ ఫీజు పడింది. ఒక్కో బ్యాంకూ ఒప్పుకున్నట్టు తెలిసేదాకా, మొదటి చెల్లింపు స్టేట్‌మెంట్లో కనపడేదాకా నువ్వే కట్టుకో.

కౌన్సెలర్‌తో కూర్చునే ముందు స్టేట్‌మెంట్లు, పే స్టబ్‌లు దగ్గర పెట్టుకో. అమ్మకి పంపేది కూడా ఖర్చులో రాయి. నేను సిగ్గుపడి అది చెప్పలేదు, రెండో నెలకే బడ్జెట్ తప్పింది.