బాకీలు రద్దయినా మారకపు లాభం ఎందుకు మిగులుతుంది?

ప్రశ్న: బీకాం పూర్తి చేసి రెండేళ్లుగా విజయవాడలో ట్యాలీపై అకౌంటెంట్‌గా పనిచేస్తున్నాను. శాప్ ఫైకో నేర్చుకుంటూ ఒక ఇంటర్వ్యూకు వెళితే, ‘గ్రూపు కంపెనీల మధ్య బాకీలను ఎలిమినేట్ చేసినప్పుడు దానిపై వచ్చిన మారకపు లాభం కూడా పోతుందా?’ అని అడిగారు. పోతుందన్నాను. తప్పన్నారు. ఎందుకో చెప్పగలరా సార్?

జవాబు: బాకీ గ్రూపు లోపలిదే అయినా, రూపాయి విలువలో వచ్చిన మార్పు గ్రూపు లోపల పుట్టింది కాదు, మీ జవాబు తప్పు కావడానికి కారణం ఇదే. ఒక ఉదాహరణను చివరిదాకా లెక్కగట్టి చూద్దాం.

హైదరాబాదులోని మాతృసంస్థ అమెరికాలోని తన అనుబంధ సంస్థకు మార్చి 1న 10,000 డాలర్ల సేవల ఇన్‌వాయిస్ ఇచ్చిందనీ, ఆ రోజు డాలరు 83 రూపాయలనీ, మార్చి 31న 84 అనీ అనుకుందాం. హైదరాబాదు పుస్తకాల్లో ఆదాయం, రావలసిన బాకీ రెండూ మొదట 8,30,000 రూపాయలుగా నమోదవుతాయి. నెలాఖరున శాప్‌లో FAGL_FCV నడిపితే బాకీ విలువ 8,40,000కు పెరిగి, 10,000 రూపాయల మారకపు లాభం నమోదవుతుంది. ఇదే రీవాల్యుయేషన్. మీ ట్యాలీ బ్యాలెన్స్ షీటులో Unadjusted Forex Gain/Loss అని కనబడే అంకె వెనుక ఉన్నదీ ఇదే తేడా. అమెరికా సంస్థ పుస్తకాలు డాలర్లలోనే ఉంటాయి కనుక, అది ఇవ్వవలసిన 10,000 డాలర్లపై అక్కడ రీవాల్యుయేషన్ ఏదీ ఉండదు.

ఇక కన్సాలిడేషన్‌కు వద్దాం. అమెరికా సంస్థ బాకీని ముగింపు రేటుతో మారిస్తే 8,40,000 అవుతుంది. హైదరాబాదు బాకీ కూడా అంతే కనుక రెండూ ఒకదానితో ఒకటి కొట్టివేయబడతాయి. ఆదాయవ్యయాల దగ్గర మాత్రం చిక్కు వస్తుంది. ఆచరణలో ఖర్చులను నెల సగటు రేటుతో మారుస్తారు, అది 83.50 అయితే అక్కడి ఖర్చు 8,35,000, ఇక్కడి ఆదాయం 8,30,000. మిగిలిన 5,000 ఎవరి తప్పిదమూ కాదు, రెండు రేట్ల మధ్య తేడా మాత్రమే. దానిని విదేశీ కరెన్సీ ట్రాన్స్‌లేషన్ రిజర్వులోకి పంపుతారు. సగటు రేటుతో నమోదైన ఖర్చుకూ ముగింపు రేటుతో నిలిచిన బాకీకీ మధ్య మరో 5,000 ఆ రిజర్వులో ముందే పడి ఉంటుంది. అంటే చివరికి గ్రూపు లాభనష్టాల ఖాతాలో 10,000 లాభం, రిజర్వులో అంతే మొత్తం రుణాత్మకంగా నిలుస్తాయి. ఇండ్ ఏఎస్ 21లోని 45వ పేరా చెప్పేది ఇదే. అనుబంధ సంస్థకిచ్చిన అప్పును సమీప భవిష్యత్తులో వసూలు చేసే ఉద్దేశమూ అవకాశమూ లేకపోతే దానిని పెట్టుబడిలో భాగంగా చూసి, ఆ తేడానూ కన్సాలిడేషన్‌లో రిజర్వులోకే తీసుకుంటారు, ఇది మినహాయింపు.

ఉద్యోగంలో మీకు ఎదురయ్యేది ఇంత శుభ్రంగా ఉండదు. బాకీలు సరిపోలలేదని రిపోర్టు వస్తుంది, అందరూ రూపాయల తేడా మీద పడి వెతుకుతుంటారు. ముందుగా లావాదేవీ జరిగిన కరెన్సీలో, అంటే ఇక్కడ డాలర్లలో, రెండు వైపులా పోల్చండి. డాలర్లలోనే తేడా ఉంటే ఇన్‌వాయిస్ ఒకరి పుస్తకాల్లోకి చేరలేదనో, ట్రేడింగ్ పార్ట్‌నర్ ఫీల్డు ఖాళీగా ఉండి ఆ ఎంట్రీ ఎలిమినేషన్‌కు అందలేదనో అర్థం. డాలర్లు సరిపోయి రూపాయలు మాత్రమే తేడా వస్తే రేటు దగ్గర వెతకాలి: ఎవరో రీవాల్యుయేషన్ నడపలేదు, లేదా OB08లో ముగింపు రేటు ఒకటై కన్సాలిడేషన్‌లో వాడినది వేరొకటైంది.

నేను చాలామంది అభ్యర్థుల దగ్గర చూసిన లోటు మరొకటుంది. శాప్‌లో కస్టమర్ల రీకన్సిలియేషన్ ఖాతాలో నేరుగా పోస్టింగు కుదరదు కనుక, మన ఉదాహరణలోని 10,000 రూపాయలు OBA1లో చూపిన సర్దుబాటు ఖాతాలో పడతాయి. కన్సాలిడేషన్‌లో ఆ సర్దుబాటు ఖాతాను అంతర్గత బాకీల పద్దుకు జతచేయకపోతే, ఒకవైపు 8,30,000, మరోవైపు 8,40,000 నిలిచి, సరిగ్గా 10,000 తేలుతుంది. తేడా రీవాల్యుయేషన్ మొత్తానికి సమానంగా ఉందంటే మొదట చూడవలసింది ఈ మ్యాపింగునే. వీటిని మరుసటి నెల మొదటి తేదీన తిప్పివేసే పద్ధతీ చాలా సంస్థల్లో ఉంటుంది కనుక, ఏప్రిల్ 1న చూస్తే ఆ అంకె కనిపించక మీరు తికమకపడవచ్చు.

మీ శిక్షణ సంస్థలో వేర్వేరు స్థానిక కరెన్సీలున్న రెండు కంపెనీ కోడ్‌లు ఇవ్వగలరేమో అడగండి. ఇవ్వలేమంటే, పై అంకెలనే ఎక్సెల్‌లో హైదరాబాదు, అమెరికా, ఎలిమినేషన్, గ్రూపు అనే నాలుగు నిలువు వరుసల్లో వేసి, గ్రూపు వరుసలో డెబిట్లు, క్రెడిట్లు సరిపోయి తేడా సున్నాకు వచ్చేదాకా మీరే సాధన చేయండి. ఆపై మార్చి 31 రేటును 82గా మార్చి మళ్లీ చేయండి; లాభం 10,000 నష్టంగానూ, రిజర్వు ధనాత్మకంగానూ మారాలి.