నంబరూ ఫోనూ రెండూ మారుతున్నాయి, వాట్సాప్ పాత చాట్‌లు పోకుండా ఉండాలంటే?

ప్రశ్న: కొత్త ఫోన్ కొన్నాను, కొత్త సిమ్ కూడా తీసుకున్నాను. పాత సిమ్ త్వరలో ఆగిపోతుంది. రెండు ఫోన్లూ ఆండ్రాయిడే. పాత ఫోన్‌లో వాట్సాప్ ఇంకా పనిచేస్తోంది. అందులో మా నాన్నగారి చాట్, ఆయన పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. ఆయన ఇప్పుడు లేరు. కొత్త ఫోన్‌లో కొత్త నంబరుతో వాట్సాప్ పెట్టుకుంటే అవన్నీ వస్తాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

కొత్త ఫోన్‌లో నేరుగా కొత్త నంబరుతో మొదలుపెడితే రావండి. ముందు పాత ఫోన్‌లోనే నంబరు మార్చి, ఆ తర్వాత ఫోన్ మార్చితే అన్నీ వస్తాయి. మా అక్కకు సరిగ్గా మీలాగే రెండూ ఒకేసారి మారాయి. అప్పుడు పక్కన కూర్చుని మొత్తం నేనే చేయించాను కాబట్టి ఆ వరుసలోనే చెబుతాను.

ముందు ఒక విషయం తెలిస్తే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది. వాట్సాప్ చాట్‌లు ఉండేది మీ ఫోన్‌లో. సిమ్‌లోనూ ఉండవు, కంపెనీ సర్వర్‌లో దాచిపెట్టీ ఉండవు. గూగుల్ అకౌంట్‌లోకి వెళ్లేది ఆ ఫోన్‌లో ఉన్నదాని కాపీ మాత్రమే. ఆ కాపీ ఏ నంబరు మీద తీశారో ఆ నంబరుకే ముడిపడి ఉంటుంది. పాత నంబరు మీద బ్యాకప్ తీసి, కొత్త ఫోన్‌లో కొత్త నంబరు కొడితే, గూగుల్ అకౌంట్ అదే అయినా వాట్సాప్ ఆ బ్యాకప్‌ను తీసుకోదు. బ్యాకప్ దొరకలేదని చెప్పి ఖాళీ అకౌంట్ తెరుస్తుంది. చాలామంది అన్నీ పోయాయని కంగారుపడేది అక్కడే. నిజానికి ఏమీ పోలేదు, నంబరు కలవలేదంతే.

మీ విషయంలో అన్నిటికంటే ముఖ్యమైనది పాత ఫోన్‌లో వాట్సాప్ లాగిన్ అయి ఉండటం. నంబరు మార్చేటప్పుడు కోడ్ వచ్చేది కొత్త నంబరుకే. పాత సిమ్‌కు మెసేజ్ రావాల్సిన పని లేదు. కాబట్టి పాత సిమ్ ఆగిపోయినా, పాత ఫోన్‌లో యాప్ అలాగే ఉన్నంతవరకు దారి ఉంది. కానీ ఆ ఫోన్‌లో యాప్ తీసేసి మళ్లీ వేస్తే, లేదా యాప్ డేటా చెరిపేస్తే, అది పాత నంబరుకు కోడ్ పంపుతానంటుంది. సిమ్ ఆగిపోయాక ఆ కోడ్ తీసుకోలేరు. అందుకే ఈ పని పూర్తయ్యేదాకా పాత ఫోన్‌లో వాట్సాప్‌ను తీసేయకండి, ఫోన్‌ను రీసెట్ చేయకండి, ఎవరికీ ఇవ్వకండి.

ఇక పని మొదలుపెడదాం. పాత ఫోన్‌లో వాట్సాప్ తెరిచి Settings లోకి వెళ్లి పైన మీ పేరు మీద నొక్కండి. అక్కడ కనిపించే నంబరు మీ పాత నంబరేనా చూసుకోండి. కొందరు ఎప్పుడో వేరే నంబరుతో అకౌంట్ తెరిచి మరిచిపోతారు. అదే నంబరైతే Settings > Account > Change number కు వెళ్లండి. మీ ఫోన్ తెలుగులో ఉంటే ఈ పేర్లు తెలుగులో కనిపిస్తాయి. అదే Account పేజీలో అకౌంట్ డిలీట్ చేసే ఆప్షన్ కూడా ఉంటుంది, దాని జోలికి వెళ్లకండి. "పాత నంబరు అకౌంట్ తీసేసి కొత్తది పెట్టుకుంటాను" అనుకుని అది నొక్కితే ఫోన్‌లోని చాట్‌లూ, గ్రూపులూ, గూగుల్‌లోని బ్యాకప్ కూడా పోతాయి. అలాగే Add account అని ఇంకో ఆప్షన్ కనిపించవచ్చు. అది అదే ఫోన్‌లో రెండో అకౌంట్ తెరవడానికి. దానితో పాత చాట్‌లు కొత్త నంబరు కిందికి రావు.

Change number లో పైన పాత నంబరు, కింద కొత్త నంబరు దేశం కోడ్‌తో సహా అడుగుతుంది. తర్వాత మీ కాంటాక్ట్‌లకు తెలియజేయాలా అని అడుగుతుంది. అందరికీ, మీరు చాట్ చేసినవాళ్లకు మాత్రమే, లేదా మీరు ఎంచుకున్నవాళ్లకు అని మూడు రకాలుగా పెట్టుకోవచ్చు. మా అక్క చాట్ చేసినవాళ్లకు మాత్రమే పెట్టుకుంది, నాకూ అదే మంచిదనిపించింది. ఇక్కడ ఏది ఎంచుకున్నా మీరున్న గ్రూపుల్లో మాత్రం నంబరు మారిన సంగతి తెలుస్తుంది. ఆ తర్వాత కొత్త నంబరుకు కోడ్ వస్తుంది. కొత్త సిమ్ కొత్త ఫోన్‌లోనే ఉండనివ్వండి, అందులో వచ్చిన కోడ్ చూసి పాత ఫోన్‌లో కొట్టండి. సిమ్‌లు అటూ ఇటూ మార్చక్కర్లేదు.

ఇది అయ్యాక పాత ఫోన్‌లో చాట్‌లన్నీ ఉన్నచోటే ఉంటాయి. ఫొటో, పేరు, గ్రూపులు కూడా మారవు. Settings లో మీ పేరు నొక్కితే ఇప్పుడు కొత్త నంబరు కనిపించాలి. నాన్నగారి చాట్ తెరిచి పైదాకా వెళ్లి, ఒకటి రెండు పాత వాయిస్ మెసేజ్‌లు వినిపిస్తున్నాయో లేదో చూడండి. చాలా పాత ఆడియో ఫైళ్లు ఫోన్ మెమరీలోంచి ఎప్పుడో చెరిగిపోయి, చాట్‌లో గుర్తు మాత్రమే మిగిలి ఉండవచ్చు. అలాంటివి ఏ బ్యాకప్‌లోనూ రావు. పాత ఫోన్‌లో వినిపించేవే కొత్త ఫోన్‌లోనూ వినిపిస్తాయి.

సిమ్ ఆగిపోకముందే ఈ నంబరు మార్పు పూర్తి చేసేయండి. ఫోన్ మార్చడం తీరిగ్గా చేసుకోవచ్చు.

ఫోన్ మార్చడానికి రెండు దారులున్నాయి. మొదటిది గూగుల్ బ్యాకప్. పాత ఫోన్‌లో Settings > Chats > Chat backup లో ఇప్పుడు మళ్లీ కొత్తగా బ్యాకప్ తీయాలి, ఎందుకంటే అంతకుముందున్నది పాత నంబరు మీద తీసింది. అక్కడ ఏ గూగుల్ అకౌంట్ ఉందో, చివరి బ్యాకప్ సమయం మారిందో లేదో చూడండి. మా అక్కకు ఇక్కడే చిక్కు వచ్చింది. ఎంతసేపు చూసినా బ్యాకప్ పూర్తికాలేదు. చూస్తే గూగుల్ స్టోరేజ్ ఫొటోలతో నిండిపోయి ఉంది. వాట్సాప్ బ్యాకప్ ఒకప్పుడు ఆ లెక్కలోకి వచ్చేది కాదు. 2024 నుంచి ఉచితంగా వచ్చే 15 జీబీలోనే దానికీ చోటు ఉండాలి. వీడియోలు వద్దని టిక్ తీసేస్తే సైజు బాగా తగ్గుతుంది, వాయిస్ మెసేజ్‌లకు నష్టం లేదు. కానీ అక్కకు పిల్లల వీడియోలు కూడా కావాలి కాబట్టి రెండో దారిలో వెళ్లాం.

రెండోది ఫోన్ నుంచి ఫోన్‌కు నేరుగా పంపడం. రెండు ఫోన్లూ చేతిలో ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను, గూగుల్ స్టోరేజ్‌తో పని ఉండదు. దీనికి రెండు ఫోన్లలోనూ ఒకే నంబరు ఉండాలి. నంబరు ముందే మార్చుకోమన్నది ఇందుకు కూడా. రెండింటిలోనూ వైఫై ఆన్ చేసి, పక్కపక్కన పెట్టండి. కొత్త ఫోన్‌లో వాట్సాప్ వేసి కొత్త నంబరు కొట్టి కోడ్ ఇవ్వండి. పాత ఫోన్ నుంచి చాట్‌లు తెచ్చుకోమని అడిగినప్పుడు ఒప్పుకుంటే క్యూఆర్ కోడ్ వస్తుంది. పాత ఫోన్‌లో Settings > Chats > Transfer chats తెరిచి దాన్ని స్కాన్ చేయండి. పని పూర్తయ్యేదాకా రెండు ఫోన్లలోనూ యాప్ తెరిచే ఉంచండి, చార్జింగ్ పెట్టుకుంటే ఇంకా మంచిది. మీడియా ఎక్కువుంటే చాలాసేపు పట్టవచ్చు.

మీరు బ్యాకప్ దారిలో వెళితే ఒక జాగ్రత్త. కొత్త ఫోన్‌లో ముందే అదే గూగుల్ అకౌంట్ పెట్టుకోండి. Restore అడిగినప్పుడు Skip నొక్కకండి. పొరపాటున నొక్కితే అప్పటికప్పుడే కొత్త ఫోన్‌లో యాప్ తీసేసి మళ్లీ వేస్తే తిరిగి అడుగుతుంది. అలా చేయకుండా ఖాళీ చాట్‌లతోనే వాడుతూ పోతే, ఆటోమేటిక్ బ్యాకప్ ఆ ఖాళీ కాపీని మంచి బ్యాకప్ మీద రాసేస్తుంది. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసి ఉంటే దాని పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి. అది లేకపోతే ఆ బ్యాకప్ తెరుచుకోదు, కంపెనీ కూడా తెరవలేదు. యాప్ లాగిన్‌లో ఉన్న పాత ఫోన్‌లో ఆ పాస్‌వర్డ్ మార్చుకునే వీలుంటుంది.

కొత్త ఫోన్‌లో మెసేజ్‌లు ముందు వస్తాయి, ఫొటోలు, ఆడియోలు ఆ తర్వాత మెల్లగా దిగుతాయి. మొదట్లో వాయిస్ మెసేజ్ వినిపించకపోతే కంగారుపడకండి. అన్నీ దిగాక నాన్నగారి చాట్‌లో మీరు పాత ఫోన్‌లో విన్న ఆ మెసేజ్‌లనే ఇక్కడ మళ్లీ వినండి. ఇక్కడ వినిపించేదాకా పాత ఫోన్ అలాగే ఉండాలి. ఆ వాయిస్ మెసేజ్‌లను విడిగా ఒక పెన్‌డ్రైవ్‌లోనో ఈమెయిల్‌లోనో దాచుకోవడం కూడా మంచిది. చాట్ తెరిచి పైన మూడు చుక్కల్లో More లోకి వెళ్లి Export chat నొక్కి, మీడియాతో సహా అని ఎంచుకుంటే ఒక టెక్స్ట్ ఫైలు, దానితోపాటు ఆడియోలు, ఫొటోలు వస్తాయి. అందులో ఎంత మీడియా రావాలన్నదానికి ఒక పరిమితి ఉంటుంది, కాబట్టి పొడవైన చాట్‌లో కొత్తవే వచ్చి పాతవి రాకపోవచ్చు. అలా మిగిలిపోయినవాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని షేర్ చేసుకోవాలి. ఇలా Export చేసినదాన్ని మళ్లీ వాట్సాప్‌లోకి ఎక్కించలేరు, అది మీ దగ్గర ఉండే నకలు అంతే.

మీవైపు చాట్‌లు ఉన్నట్టే ఉన్నా, అవతలివాళ్ల ఫోన్‌లో తేడా ఉంటుంది. మీ పాత నంబరు చాట్‌లో మీరు నంబరు మార్చారని కనిపిస్తుంది, కొత్త నంబరుతో మాట్లాడితే అక్కడ విడిగా కొత్త చాట్ మొదలవుతుంది. ఎవరైనా ఇంకా పాత నంబరుకే మెసేజ్ పెడితే వాళ్లకు ఒక్క టిక్కే కనిపిస్తుంది, అది మీకు చేరదు. చాలాకాలం మాట్లాడని దగ్గరివాళ్లకు మీరే కొత్త నంబరు నుంచి ఒక మెసేజ్ పెట్టండి. నంబరు మార్చకుండా పాత సిమ్‌ను అలాగే వదిలేస్తే మాత్రం ఆ నంబరు కొన్నాళ్లకు వేరేవాళ్లకు వెళ్లి, వాళ్లు వాట్సాప్ తెరవగానే మీ పాత ఫోన్‌లో లాగిన్ పోతుంది. మీ పాత చాట్‌లు వాళ్లకు కనిపించవు గానీ, మీకూ యాప్‌లో తెరుచుకోవు.