కాల్‌లో చెప్పిన టైమా, పని జరిగిన టైమా?

సిస్టమ్‌లో సమస్య వచ్చినప్పుడు అందరూ కలిసే బ్రిడ్జ్ కాల్ ట్రాన్స్‌క్రిప్ట్ నుంచి, తప్పు ఎవరిదని వేలెత్తకుండా ఏం జరిగిందో రాసే బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్‌కి టైమ్‌లైన్ రాసేటప్పుడు ఏ టైమ్ వెయ్యాలి?

పని జరిగిన టైమే, అదీ లాగ్ చూసి. ట్రాన్స్‌క్రిప్ట్‌లోది ఆ సంగతి మిగతావాళ్లకి తెలిసిన టైమ్. కాల్‌లో ఎవరైనా ముందు పని చేసేసి, తర్వాత ఉజ్జాయింపుగా చెప్తారు.

ఉదాహరణకి 10:42కి ఒకరు "ఐదు నిమిషాల క్రితమే రోల్‌బ్యాక్ చేశా" అన్నారు. డిప్లాయ్ లాగ్‌లో మాత్రం 10:34 ఉంది (లాగ్ యూటీసీలో ఉంటే ముందు మార్చుకోండి). రోల్‌బ్యాక్‌ని 10:34 వరుసలో, దాని గురించి కాల్‌లో చెప్పడాన్ని 10:42 వరుసలో విడిగా రాయాలి. ఎందుకంటే 10:38కి ఇంకొకరు డేటాబేస్ రీస్టార్ట్ చేసి ఉంటే, అప్పటికి రోల్‌బ్యాక్ సంగతి వాళ్లకి తెలీదని ఆ ఎనిమిది నిమిషాల తేడాయే చూపిస్తుంది.

బ్లేమ్‌లెస్ అంటే ఆ రీస్టార్ట్‌ని టైమ్‌లైన్‌లోంచి తీసెయ్యడమని చాలామంది అనుకుంటారు. కాదు. పని ఉంచి, పేరు బదులు "ఆన్‌కాల్ ఇంజనీర్" అని రాస్తారు. "తొందరపడి", "చూసుకోకుండా" లాంటి మాటలు కొట్టేస్తారు.