సెలూన్ అగ్రిమెంట్: విడిపోయే పేజీ ముందు రాయండి

ప్రశ్న: నేనూ నా ఫ్రెండూ కలిసి సెలూన్ పెడుతున్నాం. డబ్బు తను ఎక్కువ పెడుతోంది, కటింగ్, కలరింగ్ పని నాది. పెట్టుబడి, లాభం వాటా, మధ్యలో ఒకరు వెళ్లిపోతే ఏంటి అనేవి అగ్రిమెంట్‌లో ఎలా రాసుకోవాలి?

మాదీ అచ్చం ఇదే లెక్క. కత్తెర నాది, డబ్బులో పెద్ద భాగం తనది. నన్నడిగితే అగ్రిమెంట్‌ని చివరి నుంచి రాయడం మొదలుపెట్టండి. విడిపోయే రోజు లెక్క ఎలా కట్టాలో తేలితే మిగతావి వాటంతటవే దారికొస్తాయి.

కొన్నాళ్లు బాగానే నడిచాక తను వేరే ఊరు వెళ్లాల్సి వచ్చింది. ఒక మధ్యాహ్నం కస్టమర్లు లేనప్పుడు వచ్చి కూర్చుని, "నేను పెట్టింది నాకిచ్చెయ్యవే చాలు, లాభం కూడా అడగను" అంది. వినడానికి ఎంత న్యాయంగా ఉంటుందో! కానీ సెలూన్‌లో పెట్టిన డబ్బు సగానికి సగం గోడల్లోకి వెళ్లిపోతుంది. హెయిర్ వాష్ బేసిన్ల కోసం వేయించిన పైపులు, వైరింగ్, ఫాల్స్ సీలింగ్, అద్దాల చుట్టూ లైట్లు. ఊడదీసి అమ్ముదామంటే కొనేవాడుండడు, వదిలేస్తే బిల్డింగ్ ఓనరుకి లాభం.

అంకెలు తేలిగ్గా ఉండటానికి మేం పెట్టింది మొత్తం 100 అనుకోండి. తనవి 60, నావి 40. ఆ రోజు కుర్చీలు, డ్రయర్లు, స్టాకు అమ్మితే వచ్చేది 22. షాపుకిచ్చిన అడ్వాన్సు 15, బ్యాంకులో 13. మొత్తం 50. అంటే తన వాటా 30 అని తను వేళ్ల మీదే లెక్కేసేసింది.

అప్పుడు ప్యాకేజీల రిజిస్టర్ తీసి తన ముందు పెట్టాను. పది ఫేషియల్స్‌కి ముందే డబ్బు కట్టి మూడే చేయించుకున్నవాళ్లు, ఏడాది మెంబర్‌షిప్ తీసుకున్నవాళ్లు, పేజీల కొద్దీ పేర్లు. వాళ్లకి ఇంకా చేయాల్సిన పనికి అయ్యే ఖర్చు 16. ప్రొడక్టుల బాకీ 4. 50లో 20 పోతే మిగిలేది 30, అందులో 60 శాతం అంటే 18. "ఆ ప్యాకేజీల డబ్బు నేనున్నప్పుడే వచ్చింది కదా" అంది. వచ్చింది, నిజమే. కానీ ఆ ఏడు ఫేషియల్స్ చేయాల్సింది నేను, క్రీములు కొనాల్సింది నేను. బ్యాంకులో బ్యాలెన్స్ నిండుగా కనిపించిందే ఆ డబ్బు వల్ల.

కాసేపు మాటలు పెరిగినా గొడవ అక్కడితో ఆగింది. ఎందుకంటే "చేయాల్సిన ప్యాకేజీలు అప్పు కింద లెక్క, చేయడానికయ్యే ఖర్చు ప్రకారం కట్టాలి" అని మా కాగితంలో రాయించి పెట్టాను. రాసే రోజున అది తనకి చాదస్తంగా అనిపించింది. మీరు ఇంకో వాక్యం కూడా చేర్చండి: ప్యాకేజీ అమ్మిన నెలలో ఆ డబ్బు లాభంలోకి రాదు, సర్వీసు చేసిన మేరకే వస్తుంది. లేకపోతే పండగ సీజన్‌లో ఇద్దరూ పంచేసుకుని, తర్వాత ఖాళీ గల్లాతో పని చేయాల్సి వస్తుంది.

ఇక లాభం వాటా. సగం సగం అనేది స్నేహితులు మొహమాటానికి పెట్టుకునే లెక్క. మీరు రోజంతా నిలబడి పని చేస్తారు కాబట్టి, అదే పనికి బయటి స్టైలిస్ట్‌ని పెట్టుకుంటే ఎంతివ్వాలో అది మీ జీతంగా రాయండి. అది ఖర్చులోకి వెళ్లాలి. మిగతా ఖర్చులు పోగా ఒక నెల 30 మిగిలిందనుకుందాం. మీ జీతం 12 తీస్తే 18 లాభం. 60:40 అయితే తనకి 10.8, మీకు 7.2. జీతంతో కలిపి మీ చేతికి 19.2. తన డబ్బుకీ మీ చేతికీ విడివిడిగా విలువ కట్టినట్టు. నష్టమొస్తే ఏ నిష్పత్తిలో భరించాలో కూడా అదే పేరాలో రాయండి.

నెట్‌లో దొరికే నమూనా అగ్రిమెంట్లంటే నాకు మంట. మధ్యవర్తిత్వం మీద రెండు పేజీలుంటాయి, బుకింగ్‌లు తీసుకునే ఫోన్ నంబరు ఎవరిదో ఒక్క ముక్క ఉండదు. సెలూన్‌కి అసలు ఆస్తి ఆ నంబరూ, ఇన్‌స్టాగ్రామ్ పేజీ, కస్టమర్ల లిస్టూ. అవి భాగస్వామ్యానివని, వెళ్లేవాళ్లు కాపీ తీసుకెళ్లకూడదని రాయాలి. "వెళ్లిపోయాక దగ్గర్లో సెలూన్ పెట్టకూడదు" అనే షరతు మాత్రం నాకు నచ్చదు. పని చేతిలో ఉన్న మీకే అది ఉరి. కస్టమర్ బోర్డు చూసి రాదు, చెయ్యి చూసి వస్తుంది. అందుకే షాపు పేరుకంటూ పెద్ద విలువ కట్టమని తను అడిగితే ఒప్పుకోకండి.

వెళ్లేవాళ్లు మూడు నెలల ముందు చెప్పాలని, డబ్బు వాయిదాల్లో అందుతుందని పెట్టుకోండి. మేం 18ని ఆరు వాయిదాలు చేశాం. ఒకేసారి ఇవ్వాల్సొస్తే కుర్చీలు అమ్ముకునేదాన్ని. షాపు అద్దె ఒప్పందం ఒక్కరి పేరునే ఉంటే ఆ ఒక్కరే మీ ఇద్దరికీ ఓనరు అయి కూర్చుంటారు. ఇద్దరి పేర్లూ వేయించి, ఒకరు తప్పుకుంటే రెండోవాళ్లు కొనసాగవచ్చని ఓనరు చేతే ముందుగా సంతకం పెట్టించుకోండి.