యాప్‌లో 386, స్టేట్‌మెంట్‌లో 432: ఫారెక్స్ కార్డు లెక్క ఎక్కడ తేడా వచ్చింది?

ప్రశ్న: సార్, మాది మిర్యాలగూడ. రిటైర్డ్ టీచర్‌ని. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి పోయి నెల కింద వచ్చాం. పోయేముందు హైదరాబాద్‌లో ఒక ఏజెంటు దగ్గర ఫారెక్స్ కార్డులో 2,500 డాలర్లు లోడ్ చేయించాను. ‘జీరో మార్కప్’, అంటే పైన అదనంగా ఏమీ వేసుకోనని చెప్పి మొత్తం 2,21,017 రూపాయలు తీసుకున్నాడు. నయాగరా చూడటానికి కెనడా వైపు ఒక రాత్రి ఉన్నాం. అక్కడి హోటల్ వాళ్లు డిపాజిట్ అని 151.09 డాలర్లు కోసి, 140.88 మాత్రమే వాపస్ ఇచ్చారు. డల్లాస్‌లో ఒక రెస్టారెంట్ బిల్లు రెండుసార్లు పడింది. ఇప్పుడు యాప్‌లో 386.40 డాలర్లు కనపడుతున్నాయి, స్టేట్‌మెంట్ చివర 432.40 ఉంది. ఏది నిజం? ఈ మిగిలినవి తీసుకోవాలా, ఉంచుకోవాలా?

జవాబు: సార్, రెండూ నిజమే. ఆ రెంటి మధ్య తేడా సరిగ్గా 46 డాలర్లు. మీరు పంపిన స్టేట్‌మెంట్‌లో ఆ రెస్టారెంట్ పేరు మీద ఉన్న మొదటి లైను కూడా 46.00 డాలర్లే. అది యాదృచ్ఛికం కాదు. దాని దగ్గరికి వస్తాను, ముందు ఏజెంటు సంగతి చూద్దాం.

మీ దగ్గర ఏజెంటు ఇచ్చిన ఇన్‌వాయిస్ ఉంది కదా, అందులో డాలరు రేటు 88.15 అని ఉంది. 2,500 డాలర్లకు 2,20,375 రూపాయలు. కార్డు ఫీజు 300, దాని మీద జీఎస్టీ 54. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ 288. అన్నీ కలిపితే మీరు కట్టిన 2,21,017 సరిపోయింది. జీఎస్టీ లెక్క కూడా కరెక్టే. లక్ష నుంచి పది లక్షల మధ్య మార్పిడికి, మొదటి లక్షకు వెయ్యి రూపాయలు, ఆపైన ఉన్నదానికి అర శాతం కలిపి సేవ విలువగా తీసుకుంటారు. మీకది 1,602 వచ్చింది, దాని మీద 18 శాతం పన్ను. విదేశీ ఖర్చు మీద ముందే వసూలు చేసే టీసీఎస్ అనే పన్ను పడలేదు, పడకూడదు కూడా. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షలు దాటితేనే అది.

మరి ఏజెంటు సంపాదన ఎక్కడుంది? 88.15 అనే రేటులోనే ఉంది. ఇది పట్టుకోవాలంటే బయట ఇంకో కొలత కావాలి. బ్యాంకు పనిదినాల్లో రోజూ మధ్యాహ్నం fbil.org.in లో డాలరు రిఫరెన్స్ రేటు పెడతారు, పాత తేదీలవి కూడా దొరుకుతాయి. మీ ఇన్‌వాయిస్ తేదీన అది 86.20. అంటే డాలరుకు 1.95 రూపాయలు, 2,500 డాలర్లకు 4,875 రూపాయలు. శాతంలో చెప్తే 2.26. మన వైపు మిల్లుకు వడ్లు తీసుకుపోతే క్వింటాలు ధర బోర్డు మీద రాసినంతే ఇస్తారు, కానీ తూకంలో తరుగు తీస్తారు. ఇదీ అంతే. ఫీజు అనే గడిలో ఏమీ ఉండదు, రేటులో పోతుంది. రిఫరెన్స్ రేటు మధ్యాహ్నం ఒక సమయానిది కాబట్టి పది, ఇరవై పైసల తేడాకు గొడవ పెట్టుకోవద్దు. కానీ దాదాపు రెండు రూపాయలు ఎక్కువే. నేను చూసినంతలో రెండు మూడు చోట్ల అడిగి బేరం చేస్తే ఒక శాతం దగ్గరికి వస్తారు. లోడ్ అయిపోయాక ఈ డబ్బు వెనక్కి రాదు, మీరు ఆ రేటు ఉన్న కాగితం మీద సంతకం పెట్టారు.

‘జీరో మార్కప్’ అన్నమాట పూర్తి అబద్ధం కూడా కాదు. కార్డులో డాలర్లు ఉండి, డాలర్లలోనే స్వైప్ చేస్తే అక్కడ మళ్లీ మార్పిడి లేదు, మార్కప్ లేదు. డల్లాస్‌లో మీ ఖర్చులన్నీ అలాగే ఉన్నాయి. చిక్కు కెనడాలో వచ్చింది. మీ కార్డులో కెనడా డాలర్లు లేవు. అప్పుడు కార్డు అమెరికా డాలర్లను అప్పటికప్పుడు కెనడా డాలర్లుగా మార్చి కడుతుంది. దానికి మీ కార్డు షరతుల పత్రంలో 3.5 శాతం అని చిన్న అక్షరాల్లో ఉంది. చాలా కార్డులు 2 నుంచి 3.5 శాతం మధ్య వేస్తాయి.

హోటల్ గది బిల్లు చూడండి. రసీదులో 412 కెనడా డాలర్లు, స్టేట్‌మెంట్‌లో 311.26 అమెరికా డాలర్లు. ఆ రోజు ఒక అమెరికా డాలరుకు 1.37 కెనడా డాలర్లు. 412ను 1.37తో భాగిస్తే 300.73. దానికి 3.5 శాతం కలిపితే 311.26. పైసా తేడా లేదు, పది డాలర్ల చిల్లర మార్కప్ ఒకటే లైనులో కలిసిపోయి ఉంది. ఈ లెక్క మీరే చేసుకోవచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ రెండింటి వెబ్‌సైట్లలోనూ కరెన్సీ కాలిక్యులేటర్లు ఉన్నాయి, బ్యాంకు ఫీజు శాతం వేసే గడి కూడా ఉంటుంది. స్వైప్ చేసిన తేదీతో సరిపోకపోతే, స్టేట్‌మెంట్‌లో పోస్ట్ అయిన తేదీ పెట్టి చూడండి. మీ రసీదు కెనడా డాలర్లలో ఉంది కాబట్టి మార్చింది మీ కార్డే. రసీదులోనే వేరే కరెన్సీ రాసి ఉంటే మార్చింది హోటల్ మెషిన్. అప్పుడు అడగాల్సింది హోటల్‌ని, బ్యాంకుని కాదు.

ఇప్పుడు డిపాజిట్. హోటల్ వాళ్లు తప్పు చేయలేదు సార్. మీ దగ్గర 200 కెనడా డాలర్లు తీసుకున్నారు, 200 వాపస్ ఇచ్చారు. అయినా మీకు 10.21 అమెరికా డాలర్లు తగ్గింది. 200 కెనడా డాలర్లంటే 145.99 అమెరికా డాలర్లు. తీసేటప్పుడు దాని మీద 3.5 శాతం ఎక్కువ కలిపి 151.09 కోశారు. తిరిగి వేసేటప్పుడు 3.5 శాతం తగ్గించి 140.88 వేశారు. పోయేటప్పుడు ఒక తరుగు, వచ్చేటప్పుడు ఇంకో తరుగు.

దీనికి మూలం డిపాజిట్ తీసుకున్న పద్ధతి. హోటల్ వాళ్లు కార్డు మీద డబ్బు ఆపి పెట్టవచ్చు, లేదా నిజంగానే కోసేయవచ్చు. ఆపి పెడితే అది పెండింగ్‌లో ఉంటుంది. గది ఖాళీ చేశాక వదిలేస్తే ఆ లైను మాయమవుతుంది, ఆపింది ఎంతో అంతే తిరిగి చేతికొస్తుంది, మార్పిడి జరగదు. మీ స్టేట్‌మెంట్‌లో మాత్రం డెబిట్ ఒక లైను, క్రెడిట్ ఇంకో లైను, రెండూ సెటిల్డ్, అంటే పూర్తయిన లావాదేవీలు అని ఉన్నాయి, రెంటికీ వేర్వేరు పోస్టింగ్ తేదీలున్నాయి. అంటే ముందు అమ్మకంగా కోసి, తర్వాత రిఫండ్ ఇచ్చారు. ప్రీపెయిడ్ కార్డు చూస్తే కొన్ని హోటళ్లు ఇలాగే చేస్తాయి. చెక్-ఇన్ అప్పుడే ‘ఆపి పెట్టండి, కోయొద్దు’ అని అడగాల్సింది. లేదా డిపాజిట్ వరకు మీ అల్లుడుగారి క్రెడిట్ కార్డు ఇస్తే సరిపోయేది.

ఇందులో రాబట్టగలిగేది ఏమైనా ఉందా? తీసేటప్పుడు వేసిన మార్కప్ రాదు. వాపస్ మీద వేసిన 5.11 డాలర్లు మాత్రం అడగండి. రిఫండ్ మీద మార్కప్ వేస్తామని మీ షరతుల పత్రంలో స్పష్టంగా లేకపోతే, ఆ పేజీ చూపించి రాతపూర్వకంగా అడిగితే కొన్ని బ్యాంకులు తిరిగి జమ చేస్తాయి. ఫోన్‌లో అడిగితే ‘సిస్టమ్ అలా చేసింది సార్’ అనే జవాబే వస్తుంది.

ఇక రెస్టారెంట్. రెండు లైన్లు ఉన్నాయి, ఒకటి 46.00, ఇంకోటి 55.20. రెండుసార్లు పడితే రెండూ ఒకటే అంకె ఉండాలి కదా? 46కు 20 శాతం 9.20. అది టిప్పు. అమెరికాలో ముందు టిప్పు లేని బిల్లుకు కార్డు గీస్తారు, అప్పుడు 46 ఆగుతుంది. తర్వాత మీరు కాగితం మీద టిప్పు రాసి సంతకం పెడతారు, సెటిల్ అయ్యేది 55.20. ఆ రసీదు ఎవరు సంతకం పెట్టారో మీ అమ్మాయిని అడగండి. మామూలుగా 55.20 పడగానే 46 వదిలేయాలి. కానీ అంకెలు కలవనప్పుడు ఒక్కోసారి కార్డు సిస్టమ్ రెంటినీ జత చేయలేక పాతదాన్ని అలాగే పట్టుకుంటుంది. మీది అదే జరిగింది.

ఇదుగో మొత్తం లెక్క. లోడ్ చేసింది 2,500, రిఫండ్ 140.88, కలిపి 2,640.88. సెటిల్ అయిన ఖర్చులు: గది 311.26, డిపాజిట్ 151.09, రెస్టారెంట్ 55.20, మిగతా అన్నీ 1,690.93. మొత్తం 2,208.48. తీసేస్తే 432.40. స్టేట్‌మెంట్ సరిగ్గా ఉంది. ఇందులోంచి ఇంకా ఆగి ఉన్న 46 తీస్తే యాప్‌లోని 386.40. అంటే ఆ 46 ఎక్కడికీ పోలేదు, మీకు ఖర్చు చేయడానికి రావట్లేదంతే.

ఇలాంటివి మామూలుగా కొద్ది రోజుల్లోనో, ఎక్కువంటే నెల రోజుల్లోనో వాటంతట అవే పోతాయి. మీరు వచ్చి నెల అయింది కాబట్టి ఇప్పుడు బ్యాంకుకు మెయిల్ పెట్టండి. తేదీ, రెస్టారెంట్ పేరు, రెండు అంకెలు, ‘46.00 హోల్డ్ ఇంకా వదల్లేదు’ అని ఒక్క మాట చాలు. ఒకవేళ ఆ 46 కూడా సెటిల్డ్‌గా మారితే అప్పుడది నిజంగా రెండుసార్లు కోసినట్టు. వెంటనే రసీదుతో డిస్ప్యూట్ ఫారం ఇవ్వండి. కార్డు నెట్‌వర్క్‌ల గడువు సాధారణంగా 120 రోజులు, మీ బ్యాంకు ఇంకా తక్కువ పెట్టి ఉండవచ్చు. ఏటీఎం ఫెయిలైతే ఇన్ని రోజుల్లో వేయాలి, లేకపోతే రోజుకు వంద రూపాయలు అనే ఆర్‌బీఐ రూలు మన దేశంలో జరిగిన లావాదేవీలకే. విదేశంలో గీసిన కార్డుకు అది పట్టుకుని కూర్చుంటే టైం పోతుంది. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోతే cms.rbi.org.in లో ఫిర్యాదు చేయవచ్చు.

మిగిలిన డాలర్ల సంగతి. తిరిగొచ్చాక 180 రోజుల్లోపు వాడని విదేశీ డబ్బు అప్పగించాలన్నది నియమం, 2,000 డాలర్ల లోపు మాత్రం మళ్లీ ప్రయాణానికి ఉంచుకోవచ్చు. మీది 432 కాబట్టి తొందరేం లేదు. వాపస్ ఇస్తే ఎంత వస్తుందో చూడండి. మీ బ్యాంకు కొనుగోలు రేటు 84.40 అన్నారు. 432.40 డాలర్లకు 36,495 రూపాయలు, జీఎస్టీ 66 పోగా 36,429. 88.15కు కొన్నది 84.40కు అమ్ముతున్నారు, వచ్చే ఏడాది మళ్లీ ఏ 88కో కొంటారు.

అందుకని అమ్మాయి దగ్గరికి ఏడాదిలోపు మళ్లీ పోయే ఆలోచన ఉంటే ఉంచేయండి. అయితే రెండు విషయాలు బ్యాంకును అడగండి. కొన్ని కార్డులు ఆరు నెలలు వాడకపోతే కొన్ని డాలర్లు కోస్తాయి, మీ దానికి ఆ చార్జీ ఉందా? కార్డు ఎక్స్‌పైరీ ఎప్పుడు? చార్జీ ఉంటే తీసేసుకోండి. ‘అమ్మాయికే పంపిస్తే వాడుకుంటుంది కదా’ అని చాలామంది కార్డు పిల్లల చేతిలో పెడతారు. ఆ కార్డు మీ పేరు మీద, మీ ప్రయాణానికి ఇచ్చింది. అలా చేయొద్దు.

తీసుకోవాలనుకుంటే ఆ 46 వదిలాకే అడగండి. ఇప్పుడే అడిగితే బ్యాంకు దాన్ని ఆపుకోవచ్చు. పైగా, దారిలో ఉన్న లావాదేవీలు సెటిల్ అయ్యేదాకా 100 డాలర్ల లోపు అట్టిపెట్టుకోవడానికి ఆర్‌బీఐ నియమం ఒప్పుకుంటుంది. అప్పుడు రెండు విడతలుగా డబ్బు వస్తుంది, రెండుసార్లు రేటు మారుతుంది.