మూడు కొటేషన్లూ ఒకే పనికేనా?

చిరంజీవి అమ్మాయికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు కొటేషన్లూ చూశాను. పోర్షన్ ఖాళీ అయింది, రంగులు వేయించాలి, బాత్రూమ్ పైపుల పని చేయించాలి, రెండో అతను బాగా తక్కువ చెప్పాడు, అతనికే ఇచ్చేయనా అని అడిగావు. రెండు రోజులు ఆగు. ఆ ముగ్గురూ రేటు చెప్పింది ఒకే పనికి కాదు. ఎవరికి తోచిన పనికి వాళ్ళు రేటు కట్టారు.

లెక్క సులువుగా ఉండడానికి మొదటి అతని మొత్తాన్ని 100 అనుకుందాం. అప్పుడు రెండో అతనిది 72, మూడో అతనిది 118. ఈ మూడు అంకెలూ పక్కన పెట్టి, ముందు బెడ్‌రూమ్‌లో బాత్రూమ్ వైపు ఉన్న గోడ సంగతి చూడు. నువ్వు పంపిన ఫోటోలో కిందిభాగమంతా రంగు ఉబ్బి, పొక్కులు లేచి ఉంది. మన కథంతా ఆ గోడ దగ్గరే ఉంది.

రెండో అతను దానికి రాసిందేమిటి? "గోడ గీకి, పుట్టీ పెట్టి, రంగు". మొదటి అతను "ప్లంబింగ్ రిపేర్లు, మొత్తం" అని ఒక్క లైనులో తేల్చేశాడు. మూడో అతను మాత్రం టైల్స్ ఎన్ని తీయాలో, ఏ పైపు ఎన్ని అడుగులు మార్చాలో, గోడ మూసేముందు ప్రెషర్ పెట్టి చూస్తానని రాశాడు. నేనూ ఒకప్పుడు ఇలాంటి గోడకే పుట్టీ పెట్టించి రంగు వేయించాను. కొత్తగా దిగినవాళ్ళు మూడో నెలలోనే ఫోన్ చేశారు. మళ్ళీ అదే గోడ గీకించాను, అదీ వాళ్ళ మంచం, బీరువా జరిపించి. ఆ మేస్త్రీని అడిగితే "చెమ్మకి నాకూ సంబంధం లేదండీ" అన్నాడు. నిజమే మరి, రాసుకున్న కాగితంలో లీకు మాటే లేదు.

అందుకే చెమ్మ ఎక్కడిదో ముందు తేల్చుకో. కుళాయిలన్నీ కట్టేసి, ఫ్లష్ ట్యాంకు నిండాక, నీళ్ళ మీటరు అంకె రాసుకుని రెండు గంటల తర్వాత మళ్ళీ చూడు. మీటరు లేకపోతే పైట్యాంకులోకి నీళ్ళు వచ్చే దారి కట్టేసి, నీటిమట్టం దగ్గర గీత పెట్టు. ఎవరూ వాడకుండానే మీటరు కదిలినా, మట్టం దిగినా, నీళ్ళు తెచ్చే పైపుల్లోనే ఎక్కడో లీకు ఉన్నట్టు. అది ఆ పోర్షన్‌కి వెళ్ళే లైనులో ఎక్కడైనా కావచ్చు కాబట్టి బాత్రూమ్ వాల్వు కట్టి మరోసారి చూడు. ఏమీ కదలకపోతే, బాత్రూమ్ వాడినప్పుడు మాత్రమే గోడ తడుస్తుంటే, బయటికి పోయే పైపునో, గచ్చు టైల్స్ సందులనో అనుమానించాలి. ఈ రెండూ వేరు వేరు రిపేర్లు. ఏది అవసరమో తెలియకుండా రేటు అడిగితే ముగ్గురూ మూడు ఊహలకు రేటు చెప్తారు.

ఇక రంగు. కొటేషన్‌లో "మంచి క్వాలిటీ పెయింట్" అని రాస్తే అర్థం లేదు. కంపెనీ, రకం, ఎన్ని లీటర్లు, ఎన్ని కోట్లు, ప్రైమర్ ఉందా లేదా అన్నవి ఉండాలి. లీటర్లు రాయించుకుంటే మిగతాది నువ్వే పట్టేయొచ్చు. నువ్వు చెప్పిన కొలతల ప్రకారం గోడలు, సీలింగ్ కలిపి సుమారు 2400 చదరపు అడుగులు. నునుపైన గోడకి మామూలు ఎమల్షన్ లీటరుకి ఒక కోటు 100 నుంచి 130 చదరపు అడుగులు వస్తుంది. సరైన అంకె డబ్బా మీద ఉంటుంది, చూడు. 110 అనుకుంటే రెండు కోట్లకు 4800ని 110తో భాగించాలి, అంటే 44 లీటర్ల దాకా కావాలి. రెండో అతను 20 లీటర్లు రాసి, రెండు కోట్లు అన్నాడు. ఈ లెక్కన 20 లీటర్లతో ఒక కోటే నిండదు. అయితే రెండో కోటు వేయడు, లేదంటే డబ్బా మీద రాసినదానికంటే ఎక్కువ నీళ్ళు కలుపుతాడు. అలా పలచన చేసిన రంగు మీద కొన్నాళ్ళకి చెయ్యి రాస్తే పొడిలా అంటుకుంటుంది.

ఇప్పుడు 72 మీద మిగిలినవి కలుపుదాం. ఇది నా అంచనా: తక్కువైన రంగుకి 9, రెండో కోటు కూలికి 10, గోడ తెరిచి పైపు మార్చి టైల్స్ మళ్ళీ అతికించడానికి 16. మొత్తం 107. మూడో అతని 118లో నువ్వు అడగని కుళాయిలు, తలుపుల పాలిష్ ఉన్నాయి. వాటికి అతను విడిగా వేసిన 14 తీసేస్తే 104. మొదటి అతని 100లో మాత్రం ప్లంబింగ్ వస్తువుల పేర్లు లేవు కాబట్టి అది ఎక్కడ ఆగుతుందో తెలీదు. వేడినీళ్ళ లైనుకి సీపీవీసీ పైపు వేస్తాడా అని కూడా అడుగు. చల్లనీళ్ళకి వాడే యూపీవీసీని గీజరు లైనుకి వాడకూడదు.

వారంటీ దగ్గర చాలామంది పొరబడతారు. రంగు డబ్బా కంపెనీ ఇచ్చేది ఒకటి, పనివాడు తన పనికి ఇచ్చేది మరొకటి. కంపెనీది చాలావరకు రంగు వరకే, కూలి రాదు, పైగా చెమ్మ వల్ల ఊడితే మాకు సంబంధం లేదంటుంది. రెండో అతను "5 ఏళ్ళ వారంటీ" అన్నది ఇదే. నీకు కావలసింది పనివాడి వారంటీ: మార్చిన జాయింట్లు ఏడాదిలోగా కారితే టైల్స్ తీసి మళ్ళీ వేయడంతో సహా అతని ఖర్చే అని రాతపూర్వకంగా ఉండాలి. మూడో అతని కాగితంలో ఆ వాక్యం ఉంది. అయితే చివరి 10 శాతం డబ్బు పని ముగిసిన నెల తర్వాత ఇస్తానని అతనితోనైనా రాయించుకో.

రోజుల విషయంలో కూడా అంకెను నమ్మకు, వరుస అడుగు. ముందు పైపు మార్చాలి, పైపు జాయింట్లు అంటించిన సిమెంటు ఆరాలి, ప్రెషర్ పరీక్ష, తర్వాత గోడ మూయడం, ప్లాస్టరు ఆరడం, చివరికి పుట్టీ, ప్రైమర్, రంగు. రెండో అతను మొత్తం 6 రోజులన్నాడు. అందులో గోడ ఆరేది ఎప్పుడు? తడి పోకుండా రంగు వేస్తే మళ్ళీ పొక్కులే. మూడో అతని 16 రోజులు ఎక్కువే అనిపిస్తుంది, ఖాళీగా ఉన్న ప్రతిరోజూ అద్దె పోతుంది, నిజమే. కానీ మిగతా గదులు ఆ ఆరే రోజుల్లోనే పూర్తిచేయమని చెప్పు, రెండు మూడు రోజులు తగ్గుతాయి.

నేనైతే మూడో అతని వైపే మొగ్గుతాను. అయినా ముందు, నువ్వు రాసిన ఒకే పనుల కాగితాన్ని ముగ్గురికీ ఇచ్చి మళ్ళీ రేటు అడుగు. మొదటి అతను వివరాలు ఇస్తే నా మాట మార్చుకుంటాను.

ఈలోపు ఓ పని. ఆ గోడ మీద పొక్కులు గీకి, తుడిచి, మూరెడు ప్లాస్టిక్ షీటు నాలుగు అంచులూ టేపుతో మూసి అతికించు. ఒక రోజు తర్వాత విప్పి, గోడ వైపు తడి ఉందో, గది వైపు ఉందో చూసి నాకు ఫోన్ చెయ్యి. గోడ వైపు అయితే చెమ్మ లోపలి నుంచే వస్తున్నట్టు.

మీ పెద్దనాన్న