గల్లా దిగి ప్లేట్లు మోయమంటున్నారు: ఒప్పుకోవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి బి.కాం. పూర్తి చేసి, నెల్లూరులో ఒక రెస్టారెంటులో ఏడాదిగా క్యాషియరుగా ఉన్నాడు. ఎవరైనా రాని రోజున సప్లయరు పనీ, వంటగది నుంచి ప్లేట్లను టేబుళ్లకు చేర్చే రన్నరు పనీ కూడా చూసుకోవాలని, అందుకు నేర్పిస్తామని యజమాని అంటున్నారు. చదువుకున్నవాడు ప్లేట్లు మోయడమేమిటని ఇంట్లో అందరికీ బాధగా ఉంది. వద్దని చెప్పమంటారా? – ఒక తండ్రి, కావలి

జవాబు: వద్దని చెప్పకండి. ఈ రంగంలో క్యాషియరుగానే ఉండిపోయినవారికి పై మెట్టు కనిపించడం కష్టం. కెప్టెన్, ఆపైన సూపర్‌వైజర్ ఉద్యోగాలకు ఆర్డరు ఎలా తీసుకుంటారో, వంటగదిలో అది ఎక్కడ ఆలస్యమవుతుందో తెలిసినవారినే తీసుకుంటారు. అయితే మీరు జాగ్రత్త పడవలసింది ప్లేట్ల విషయంలో కాదు, మీ అబ్బాయి గల్లా దిగే క్షణం విషయంలో.

నేర్చుకోవడం రన్నరు పనితో మొదలుపెట్టమనండి, ఎందుకంటే అందులో గిరాకీతో మాట తక్కువ, చూపు ఎక్కువ. ముందుగా టేబుళ్ల నంబర్లు, ఆ తరువాత ఒక్కో టేబులులో కుర్చీలను ఏ వైపు నుంచి లెక్కపెడతారో కంఠతా రావాలి. అది వస్తే "కొరమీను పులుసు ఎవరికండీ?" అని నలుగురినీ అడగకుండానే గిన్నెను సరైన మనిషి ముందు పెట్టగలుగుతాడు. బిల్లులో పేరూ ధరా తెలిసినంత మాత్రాన కొరమీను పులుసుకూ బొమ్మిడాయిల పులుసుకూ తేడా కంటికి తెలియదు కనుక, రద్దీ లేని రోజుల్లో వంటగది కిటికీ దగ్గర నిలబడి చూడడం తప్పనిసరి. నోట్లు లెక్కపెట్టిన చేతులను సబ్బుతో కడుక్కోకుండా ప్లేటు ముట్టుకోకూడదు. ఆహారాన్ని ముట్టుకునే సిబ్బందికి ఏటా చేయించవలసిన వైద్య పరీక్ష ఇకపై అతనికీ చేయించాలని యజమానికి గుర్తుచేయండి.

ఇక గల్లా సంగతి. ఒక ఆదివారం ఇద్దరు సప్లయర్లలో ఒకరు రాలేదనుకుందాం. టేబుళ్లు తెలిసిన రన్నరు ఆ సప్లయరు స్థానంలోకి వెళతాడు, మీ అబ్బాయి రన్నరవుతాడు, గల్లాలో యజమానే కూర్చుంటారు. ఉదయం పెట్టెలో ఉంచిన సొమ్ము 3,000 రూపాయలు, పన్నెండున్నర వరకు నగదు బిల్లులు 6,840, పాలకూ నిమ్మకాయలకూ ఇచ్చినది 420 అయితే, దిగేటప్పుడు పెట్టెలో 9,420 ఉండాలి. ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, చీటీ మీద రాసి, సంతకాలు చేయాలి. యజమానిని సంతకం అడగడానికి కుర్రవాడికి మొహమాటంగా ఉంటుంది కాబట్టి, "లెక్క అప్పజెప్పి వెళతానండీ" అనే అలవాటును మొదటి రోజునుంచే పెట్టుకోవాలి.

మూడు గంటలకు అతను తిరిగి కూర్చునేసరికి నగదు బిల్లులు మరో 11,250 అయ్యాయి. అంటే 20,670 ఉండాలి, లెక్కిస్తే 20,310 ఉంది. తగ్గిన 360 ఎక్కడికి పోయిందో వెతకడానికి ముందు యూపీఐ జమలను చూడాలి. అక్కడ బిల్లుల కన్నా 360 ఎక్కువ వచ్చి ఉంటే, ఎవరో ఫోనుతో చెల్లించిన బిల్లును యంత్రంలో నగదుగా కొట్టారని అర్థం, నష్టమేమీ లేదు. అక్కడా ఎక్కువ లేకపోతే, కూరగాయల వాడికి చీటీ రాయకుండా ఇచ్చి ఉండవచ్చు. పన్నెండున్నరకు లెక్కపెట్టి ఉండకపోతే మాత్రం ఈ 360 రాత్రికి మీ అబ్బాయి ఖాతాలోనే పడుతుంది. తగ్గిన సొమ్మును జీతంలో కోసే ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలని వేతన చట్టం చెబుతుంది గాని, చేతిలో చీటీ లేనివాడు ఏమని చెప్పుకుంటాడు?

ఇదే లెక్కన, గల్లాలో కూర్చునే ప్రతి ఒక్కరికీ బిల్లింగు యంత్రంలో వేరే పిన్ను ఉండాలి, ఒకరి పిన్నుతో ఇంకొకరు బిల్లు కొట్టకూడదు. సప్లయరు గల్లాలోకి వచ్చిన రోజున తాను ఆర్డరు తీసుకున్న టేబులు బిల్లును తానే రద్దు చేయకూడదు, మరొకరి సంతకం ఉండాలి. ఇది అనుమానం కాదు, ఇద్దరికీ రక్ష.

ముగ్గురి పనిని ఇద్దరు చేసే పూట ఏదో ఒకటి తగ్గించుకోక తప్పదు. ఆ రద్దీ వేళలో పార్సిళ్లు ఆపుతారా, టేబుల్ దగ్గరకు బిల్లు తీసుకెళ్లడం మాని గల్లా దగ్గరే చెల్లించమంటారా అన్నది ముందే తేల్చుకోమనండి. తేల్చకపోతే మీ అబ్బాయి ప్లేటు చేతిలో ఉండగానే గల్లాకు పరుగెత్తవలసి వస్తుంది, ఆ పరుగులోనే తప్పులు జరుగుతాయి.

మూడు నెలలు గడిచాక ఒక్కటి గమనించండి. సప్లయరుకూ రన్నరుకూ కూడా గల్లా పని నేర్పారా, లేక మీ అబ్బాయిని మాత్రమే ప్లేట్లకు పిలుస్తున్నారా? రెండోదే అయితే అది శిక్షణ కాదు, మనుషుల కొరతను అతనితో పూడ్చుకోవడం. అప్పుడు మూడు పనులూ పేరుపేరునా రాసిన అనుభవ పత్రాన్ని అడిగి తీసుకుని, నెల్లూరులోనో ఒంగోలులోనో కెప్టెన్ ఖాళీల కోసం చూడమనండి.